హిందూపురం గళ్లన్నీ పచ్చగానే

మల్లికార్జున సార్‌కు మూడు ఊళ్లలో మూడు స్కూళ్లు. ధర్మవరంలో ఒకటి, హిందూపురంలో ఒకటి, రెంటికీ నడుమ పెనుకొండలో ఒకటి, దాని మేడమీదనే ఆఫీసు. మూడింటికీ హాస్టళ్లు ఉన్నాయి. హాస్టలంటే పిల్లలొక్కరే కాదు గదా. నీళ్ల ట్యాంకులు కడగాలి, జనరేటర్ చూడాలి, మంటలార్పే సిలిండర్లు చూడాలి, మందుల పెట్టె నింపాలి. ఈ పనులన్నిటికీ ఒక గుణం ఉంది. చేసినప్పుడు ఎవరికీ కనబడవు, చెయ్యనప్పుడే ఊరంతటికీ కనబడతాయి.

అవి మరిచిపోకుండా చూసే పని సుహానాది. ధర్మవరం పిల్ల, బీకాం కంప్యూటర్స్ చదివింది, రోజూ పొద్దున రైల్లో పెనుకొండకు వచ్చి సాయంత్రం రైల్లో పోతుంది. ఆమెకు ముందు ఆ పనులను సార్ నోటిమాటతో నడిపేవాడు. ఆయన పద్ధతి ఒకటే: ఏదైనా చెడిపోయాక అరవడం.

సుహానా అరుపుల మనిషి కాదు, లెక్క మనిషి. చేరిన కొత్తలోనే ఒక స్ప్రెడ్‌షీట్ తయారు చేసింది. ఒక్కో పనికి ఒక్కో వరుస. పని పేరు, ఏ ఊరు, ఎవరు చెయ్యాలి, ఎన్ని రోజులకు ఒకసారి, చివరిసారి ఎప్పుడు చేశారు. ఈ అయిదూ మనిషి రాయాలి. తక్కిన రెండు గళ్లు షీటే నింపుకుంటుంది. చివరి తేదీకి ఆ రోజుల సంఖ్య కలిపితే తరువాతి గడువు వస్తుంది. ఆ గడువును షీటు ప్రతిరోజూ ఆ రోజు తేదీతో పోల్చుకుంటుంది. ఇంకా టైముంటే గడి పచ్చన, దగ్గరికొస్తే పసుపు, దాటిపోతే ఎరుపు, పక్కనే 'గడువు దాటింది' అన్న మాట. పని చేసిన తేదీ వేస్తే చాలు, గడువు దానంతటదే ముందుకు జరిగి గడి మళ్లీ పచ్చబడుతుంది. ఒకసారి కట్టిపెడితే ఏడాది పొడుగునా అదే తిరుగుతుంది, ఎవరూ గుర్తు పెట్టుకోనక్కర్లేదు.

సార్ దాన్ని చూసి ముచ్చటపడ్డాడు. "ఇదేమమ్మా, సిగ్నల్ లైట్ల మాదిరి ఉండాదే!" అన్నాడు. ఇంటికొచ్చిన చుట్టాలకు కూడా చూపించాడు. సుహానా లోపల్లోపల ఏనుగెక్కినంత సంబరపడింది. పడొద్దని ఎవరంటారు? చేతనైన పనే చేసింది.

చిక్కు మొదట్లోనే వచ్చింది. షీటును మూడూళ్ల వాళ్లకూ తెరిచిపెట్టి, "పని అయిన తేదీ మీరే వేసుకోండి" అంది. వాళ్లు వేశారు. ఎట్లా వేశారంటే, పెనుకొండ వార్డెన్ జయమ్మ తేదీ గడిలో 'మొన్న' అని రాసింది. ధర్మవరం వాచ్‌మన్ కుళ్లాయప్ప 'పోయిన అమావాస్య' అన్నాడు. కంప్యూటర్‌కు అమావాస్యతో ఏం పని? మొన్నకు ముప్ఫై రోజులు కలపమంటే అది మాత్రం ఏం కలుపుతుంది? గడువు గడి నిండా తప్పు గుర్తు చూపించి ఊరుకుంది.

సుహానాకు ఒళ్లు మండింది. ఒక తేదీ వెయ్యడం రాదా వీళ్లకు అనుకుంది. షీటుకు తాళం వేసేసింది. చూడడం అందరూ చూడొచ్చు, రాయడం మాత్రం ఆమె ఒక్కతే. పసుపు గళ్లు వచ్చిన పొద్దున ఆమే ఎవరి పని వాళ్లకు వాట్సాప్‌లో పంపుతుంది. వాళ్లు జవాబు పెడతారు. సాయంత్రం రైలుకు ముందు కూర్చుని ఆ జవాబులన్నీ వరుసగా చూసి, అయిన పనులకు తేదీలు ఎక్కిస్తుంది. తన చేతుల్లో ఉంటే తప్పు జరగదని ఆమె నమ్మకం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఊరికే అనలేదు.

జవాబుల్లో కూడా ఊరికో తీరు. పెనుకొండ జయమ్మ 'చేసినాం మేడం' అనేది. ధర్మవరం కుళ్లాయప్ప పని ముగించాక 'ఆయ' అని ఒక్క ముక్క పెట్టేవాడు, ఇంకా కాకపోతే 'చేస్తాం లే' అనేవాడు. హిందూపురం నుంచి 'ఆయ్తు' అని వచ్చేది. ఆయ, ఆయ్తు. కన్నడం గాలి తగిలి ఒక ముక్క తోక మొలిచింది, అంతే గదా అనుకుని సుహానా తేదీ వేసేసేది.

కొన్ని నెలలకు చూస్తే ధర్మవరం వరుసల్లో అప్పుడప్పుడు ఎరుపు, పెనుకొండలో పసుపూ ఎరుపూ. హిందూపురం గళ్లన్నీ పచ్చగానే. "చూసి నేర్చుకోండప్పా హిందూపురమోళ్లను" అని సార్ తక్కిన రెండు ఊళ్లవాళ్లనూ తిట్టాడు. సుహానా కూడా నవ్వుతూ ఊ కొట్టింది.

*

వాన లేని ఆగస్టులో ఒక శనివారం హిందూపురం హాస్టల్లో ఆడపిల్లలకు వాంతులు మొదలయ్యాయి. తెల్లారేసరికి పన్నెండు మంది ఆస్పత్రిలో ఉన్నారు. సెలైన్లు పెట్టారు. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు, రెండు రోజుల్లో అందరూ లేచి కూర్చున్నారు. డాక్టరు మాత్రం, "నీళ్లు చూసుకోండి" అని ఒక్క మాట అన్నాడు. సంపు మూత తీసి చూస్తే గోడలకు పాచి, అడుగున బురద, ఉబ్బిపోయిన బల్లి ఒకటి. ముక్కు మూసుకుని మూత మళ్లీ పెట్టేశారు.

పిల్లల అమ్మానాయనలు వచ్చి పడ్డారు. రాకుండా ఎట్లుంటారు? భోజనాల హాల్లో మీటింగ్ పెట్టక తప్పలేదు. సార్ సుహానాను లాప్‌టాప్‌తో రమ్మన్నాడు.

హిందూపురంలో ట్యాంకులు కడగాల్సింది సుంకన్న. మోటారు, కరెంటు, నీళ్లు అన్నీ అతనే చూస్తాడు. మడకశిర దారిలో ఒక పల్లె అతనిది. ఇంట్లో కన్నడం, బయట తెలుగు. మాటకారి. పని అడిగితే ముందు ఒక జోకు వేసి తరువాత జవాబు చెప్పే రకం. బద్ధకస్తుడని చెప్పలేం గానీ, ఒకరు తొయ్యకపోతే కదిలే మనిషి కూడా కాదు. అతని కూతురు గౌరి ఆ స్కూల్లోనే ఎనిమిది చదువుతోంది, ఆ హాస్టల్లోనే ఉంటోంది. ఆస్పత్రికి పోయిన పన్నెండు మందిలో ఆ పిల్ల కూడా ఉంది.

హాల్లో ఒకాయన లేచి, "నీళ్ల ట్యాంకు కడిగి ఎన్నాళ్లాయ? ఎవురు చూస్తాండారు ఇవన్నీ?" అని గట్టిగా అడిగాడు. మల్లికార్జున సార్ సుహానా వైపు చూశాడు.

ఆమె చేతిలో షీటు ఉంది. ప్రొజెక్టర్ పెట్టి గోడ మీద చూపించింది. సంపు, ట్యాంకు క్లీనింగ్, హిందూపురం, సుంకన్న. చివరిసారి చేసింది ఆగస్టు మొదటి వారం. గడి పచ్చగా ఉంది.

"మా వైపు నుంచి లోపం లేదండీ. గడువుకు ముందే మెసేజ్ పెట్టినాను. అయిందని ఆయన జవాబిచ్చినాడు. కంప్యూటర్ అబద్ధం చెప్పదు గదా" అని మైకులో చెప్పింది.

నూరు తలకాయలు ఒక్కసారిగా వెనక్కి తిరిగాయి. సుంకన్న తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, చేతిలో పైపు రెంచి అట్లాగే ఉంది.

"సుంకన్నా, ట్యాంకు గురించి నేను మెసేజ్ పెడితే నువ్వు జవాబు పెట్టినావా లేదా?" అని సుహానా అడిగింది.

"పెట్టినా మేడం."

"మరి ట్యాంకు కడిగినావా?"

"లేదు మేడం. పౌడరు వస్తే చేస్తామని..."

అతని మాట పూర్తి కానివ్వలేదు. హాలంతా ఒక్కసారి లేచింది. కడగకుండానే కడిగినానని చెప్పినాడంట! పిల్లల ప్రాణాలతో ఆటలా! సొంత కూతురు తాగే నీళ్లు గదా, వీనికి మనసెట్ల వచ్చింది! ఎవరో అతని చొక్కా కూడా పట్టుకున్నారు. సుంకన్న దిమ్మెరపోయి అందరి మొహాలూ చూశాడు. చేస్తానని ఒప్పుకున్న పని చెయ్యలేదు, నిజమే. అందుకే ఇంత కోపమనుకున్నాడు పాపం.

"తప్పాయ మేడం" అన్నాడు.

"విన్నారు గదా, ఆయనే ఒప్పుకున్నాడు" అంది సుహానా. ఆ మాట అనకపోయినా మీటింగ్ ఆగేది కాదు. కానీ అంది. అనేటప్పుడు గొంతులో కొంచెం గెలుపు కూడా ఉంది.

కిటికీ దగ్గర ఆడపిల్లలు గుంపుగా నిలబడి వింటున్నారు. ఆ సాయంత్రమే సుంకన్నను పనిలోంచి తీసేశారు.

*

సెప్టెంబర్ నడిమికల్లా అంతా సర్దుకుంది. హిందూపురంలో కొత్త మనిషి చేరాడు. సంపు కడిగారు, సున్నం కొట్టారు. సుహానా ఎప్పటిలాగే పొద్దున ఆఫీసులో కూర్చుని పసుపు గళ్లు చూస్తోంది. హిందూపురం హాస్టల్‌లో మంటలార్పే సిలిండర్లు చూడాల్సిన గడువు దగ్గరికొచ్చింది. అది వార్డెన్ హసీనాబీ పని. 'ఫైర్ సిలిండర్ల చెకింగ్, ఈ వారం' అని ఆమెకు మెసేజ్ పెట్టింది.

ఫోన్ ఇంకా బల్ల మీద పెట్టనే లేదు, జవాబు వచ్చింది. 'ఆయ్తు.'

సుహానాకు మొదట కోపం వచ్చింది. మూడంతస్తుల హాస్టల్లో సిలిండర్లన్నీ కన్ను మూసి తెరిచేలోగా చూసేసిందా? ఇంకో అబద్ధాలకోరు! ఇంత జరిగినా బుద్ధి రాలేదా వీళ్లకు! వెంటనే ఫోన్ చేసింది.

"హసీనా ఆపా, ఇప్పుడే గదా మెసేజ్ పెడితి. అప్పుడే అయిపోయిందా?"

"ఏం అయిపోయింది బేటీ?"

"సిలిండర్లు చూసేది. అయిందని పెట్టినారు గదా."

హసీనాబీ నవ్వింది. "అయిందని యాడ పెడితి? ఆయ్తు అంటి. ఆయ్తు అంటే సరే, అట్లనే కానీ అని. ఈడంతా అట్లనే అంటాం గదా. రేపు చూస్తాలే."

"అయిపోతే ఏమంటారు?"

"అయిపోయినా ఆయ్తు అనే అంటాం" అని ఆమె మళ్లీ నవ్వింది. "మనిషి ఎదురుగా ఉంటే తెలుస్తాది బేటీ, ఏ ఆయ్తు ఏదని. ఫోన్‌లో నీకెట్ల తెలుస్తాది?"

సుహానా మెల్లగా, "ఆపా, సుంకన్న కూడా నాకు అదే పెట్టినాడు" అంది.

ఈసారి అవతలి పక్క నవ్వు లేదు.

"అయితే కడిగినానని వాడు చెప్పలేదా?" అని హసీనాబీ అడిగింది.

"లేదు. ఆయ్తు అన్నాడు."

"యా అల్లా! ఆ పొద్దు అందరి ముందరా ఆ మాట ఒక్కసారి బయటికి చెప్పి ఉంటే హాల్లో సగం మంది నవ్వేవాళ్లు గదమ్మా. నువ్వు 'అయింది' అని చెప్తివి. మేమూ అదే నమ్మితిమి. వాన్ని నేను కూడా తిడితి."

ఫోన్ పెట్టేశాక సుహానా పాత మెసేజులు తెరిచింది. ఇన్నాళ్లూ సాయంత్రం అన్నీ కలిపి చూసేది కాబట్టి ఏ జవాబు ఎన్ని గంటలకు వచ్చిందో ఎప్పుడూ గమనించలేదు. ఇప్పుడు గమనించింది. ట్యాంకు గురించి పొద్దున తాను పెట్టిన మెసేజ్ కిందనే, అదే నిమిషంలో, సుంకన్న 'ఆయ్తు' ఉంది. ట్యాంకు కడగాలంటే సగం రోజు పడుతుందని ఎనిమిదో తరగతి పిల్లకు కూడా తెలుసు. ఆ పిల్లకు తెలుసు, బీకాం చదివిన ఈ పిల్లకు తట్టలేదు.

ఆ 'ఆయ్తు'ను చూసి తాను తేదీ వెయ్యకుండా ఉంటే ఏం జరిగేది? మూడు రోజులకు గడి ఎర్రబడేది. తాను ఫోన్ చేసి, "ఏమప్పా సుంకన్నా, ఇంకా కాలేదా" అనేది. "బ్లీచింగ్ పౌడరు పంపలేదు గదా మేడం" అని అతను అనేవాడు. పౌడరు పంపాల్సింది ఈ ఆఫీసు నుంచే. మరుసటి బస్సులో పంపేవాళ్లు. అంతే. అందుకోసమే గదా ఆ ఎరుపు రంగు. దాన్ని రానివ్వకుండా తన చేత్తోనే పచ్చ పూసింది.

సిగ్గుతో ఆమె మొహం వేడెక్కిపోయింది. గదిలో ఇంకెవరూ లేరు, అయినా తల ఎత్తలేకపోయింది. కంప్యూటర్ అబద్ధం చెప్పదని హాలంతా వినేట్టు చెప్పింది గదా. నిజమే, అది చెప్పలేదు. దాని చేత తానే చెప్పించింది.

హిందూపురం వరుసల్లో 'ఆయ్తు' చూసి వేసిన తేదీలన్నీ తీసేసి, గట్టిగా తెలిసిన పాత తేదీలు పెట్టింది. ఒక్కో గడీ ఎర్రబడుతూ వచ్చింది. చూస్తుండగానే ఊరు ఊరంతా ఎరుపైపోయింది. ఒక్కొక్కటీ ఫోన్ చేసి కనుక్కుంటే, అందులో సగం పనులు నిజంగా జరిగాయి, సగం జరగలేదు. ఏది ఏదో అంతవరకూ షీటుకూ తెలియదు, దాన్ని కట్టిన మనిషికీ తెలియదు.

*

సార్ గదిలోకి పోయి నిలబడి మొత్తం చెప్పింది. మధ్యలో ఏడుపొచ్చింది, ఆపుకుంది. మల్లికార్జున సార్ చెడ్డవాడు కాదు. కానీ స్కూళ్లు నడిపేవాడు. మంచితనాన్ని కూడా అడ్మిషన్ల సీజన్ చూసుకునే వాడుకుంటాడు.

"సరేలేమ్మా, పొరపాటాయ. ఇప్పుడు దీన్ని రచ్చకు పెట్టొద్దు. పేరెంట్స్ ఇప్పుడిప్పుడే సల్లబడినారు. ఆఫీసు తప్పని తెలిస్తే మళ్లా మొదలుపెడతారు. సుంకన్నను పిలిపిస్తా, ధర్మవరం బ్రాంచిలో ఏస్తా. వానికి పని ఉంటాది, మనకు పరువుంటాది" అన్నాడు.

వినగానే సుహానాకు గుండెల్లోంచి బండ దిగినట్టయింది. ఎవరికీ చెప్పనక్కర్లేదు! మెట్లు దిగుతుంటే మాత్రం తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ మనిషిని నూరు మంది ముందర నిలబెట్టినప్పుడు ఇంత తేలిగ్గా దిగలేదే ఏ బండా.

ఆదివారం ఆమె హిందూపురం బస్సెక్కింది. అక్కడి నుంచి ఆటోలో సుంకన్న పల్లెకు పోయింది. ఇంటి ముందర సుంకన్న భార్య పుల్లమ్మ పట్టుపురుగుల తట్టలు కడుగుతోంది. సుహానాను చూసి గుర్తుపట్టింది, రమ్మనలేదు. తట్ట పక్కన పెట్టి లోపలికి పోయింది. సుంకన్న బయటికొచ్చాడు.

జోకు ఏమీ వెయ్యలేదు. "కూచోండి మేడం" అని మంచం చూపించాడు. సుహానా కూర్చోలేదు.

"తప్పు నీది కాదు సుంకన్నా. ఆయ్తు అంటే సరే అని నాకు తెలీలేదు. అయిందనుకున్నా. నువ్వు అబద్ధం చెప్పినావని అందరి ముందరా అన్నా" అంది. చేతులు జోడించబోయింది, అతను వద్దన్నట్టు వెనక్కి జరిగాడు.

"అదా సంగతి" అన్నాడు సుంకన్న. "నేను చేస్తానని చేయకపోతి గదా, దానికి అంత మాటలంటాండారే అనుకుంటి. పౌడరు ఇంకోసారి అడగాల్సింది నేను. ఆ మటుకు నా తప్పుండాది మేడం. లేదనను."

"సార్ ధర్మవరంలో పని ఇస్తామన్నాడు."

"పని యాడైనా దొరుకుతాది. మార్కెట్లో పట్టుగూళ్ల మూటలు మోస్తాండా ఇప్పుడు." అతను గొంతు తగ్గించాడు. "పాప మాట్లాడడంలేదు మేడం నాతో. గౌరి. పోయిన ఆదివారం హాస్టల్‌కు పోతే బయటికి రాలేదు. 'అబద్ధం చెప్పి నాకు ఆ నీళ్లు తాపినావు' అని ఎవురితోనో చెప్పి పంపింది. ఈ పొద్దు నేను పోలేదు. మొహం చెల్లక."

లోపలి నుంచి పుల్లమ్మ అంది, "మొహం చెల్లనిది నీకెందుకు? చెల్లనోళ్లు వేరే ఉండారు."

సుహానాకు తల తీసేసినట్టయింది. "నేను పోయి చెప్తా గౌరికి. ఇప్పుడే పోతా" అంది.

*

హాస్టల్‌లో ఆదివారం సందడి. అమ్మానాయనలు క్యారియర్లు తెచ్చి పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని తినిపిస్తున్నారు. భోజనాల హాలు నిండిపోయి ఉంది. గౌరి మాత్రం మెట్ల కింద ఒక్కతే కూర్చుని బట్టలు మడత పెడుతోంది. సన్నటి పిల్ల, వాంతులతో పీక్కుపోయిన మొహం ఇంకా తేరుకోలేదు.

సుహానా ఆ పిల్ల పక్కన మెట్టు మీద కూర్చుంది. మెల్లగా అంతా చెప్పింది. తాను పెట్టిన మెసేజ్, వాళ్ల నాయన పెట్టిన జవాబు, తాను చేసుకున్న అర్థం. ఫోన్ తీసి ఆ మాట కూడా చూపించింది. గౌరి ఫోన్ చేతిలోకి తీసుకుని చదివింది. చాలాసేపు ఆ ఒక్క మాటనే చూస్తూ కూర్చుంది.

"మా నాయన అబద్ధం చెప్పలేదా?"

"చెప్పలేదు. తప్పు నాది."

పిల్ల కళ్లనిండా నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. సుహానాకు కొంచెం ఊపిరాడింది. చెప్పాల్సిన చోట చెప్పినాను, ఇంక అయిపోయిందనుకుంది.

గౌరి ఫోన్ తిరిగి ఇచ్చేసింది. "ఆ పొద్దు మైకులో చెప్పినారు గదా మేడం, మా నాయన గురించి. అందరూ విన్నారు. క్లాసులో నన్ను అబద్ధాలోడి కూతురంటాండారు. ఇప్పుడేమో మెట్ల కింద నాకొక్కదానికే చెప్తాండారేం?"

సార్ వద్దన్నాడని చెప్పాలా ఈ పిల్లకు? పరువు పోతుందని చెప్పాలా? ఎవరి పరువు? కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. తీసుకోలేకపోతే మానె, కనీసం జారిన చోటికి పోయి నిలబడొచ్చు గదా.

ఆమె లేచింది. హాల్లోకి పోయి హసీనాబీని మైకు అడిగింది. "ఏంటికి బేటీ?" అంది ఆమె. సుహానా మొహం చూసి ఇంకేమీ అడగకుండా స్విచ్ వేసింది.

"పోయిన నెల ఈడనే నిలబడి ఒక మాట చెప్పినాను" అని మొదలుపెట్టింది సుహానా. ఎవరో, "గట్టిగా చెప్పమ్మా, ఇనబడదు" అన్నారు. గట్టిగా చెప్పింది. సుంకన్న పెట్టిన మాట 'ఆయ్తు' అని చెప్పింది.

వెనక వరుసలో ఎవరో ఫక్కున నవ్వారు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఆ రోజు సుంకన్న చొక్కా పట్టుకున్న పెద్దాయన చేతిలో ముద్ద అట్లాగే పెట్టుకుని లేచాడు.

"అంటే ఆయప్ప సరే అంటే నువ్వు చేసినానన్నాడని మాకు చెప్తివా?"

"అవునండీ."

"అది నమ్మి మేమందరం వాని మీద పడితిమా?"

"అవును."

"ఏమమ్మా, ఒక్క మాట అడిగి తెలుసుకోనీకి నీకేం అడ్డమొచ్చింది?"

సుహానా తల వంచుకుని అక్కడే నిలబడింది. బ్యాగులో ఫోన్ మోగుతోంది, అప్పుడే ఎవరో సార్‌కు చేరవేసినట్టున్నారు. ఆమె తియ్యలేదు. హాలంతా ఆమెనే చూస్తోంది. ఇద్దరు చెవులు కొరుక్కుంటున్నారు, ఒకామె పిల్లను దగ్గరికి లాక్కుంది. ఆ రోజు సుంకన్న తలుపు దగ్గర ఎట్లా నిలబడ్డాడో ఆమెకు ఇప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం, అతను తన తప్పేమిటో కూడా తెలియకుండా నిలబడ్డాడు.

గౌరి జనం నడుమ నుంచి దారి చేసుకుంటూ ముందుకొచ్చింది. సుహానా వైపు చూడలేదు. నేరుగా హసీనాబీ దగ్గరికి పోయి చెయ్యి చాపింది.

"మేడం, రొవ్వంత ఫోనియ్యండి. ఇంటికి చేసుకోవాల."

మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. అందుకని ఆ పిల్ల మెల్లగా అన్నది కూడా హాలంతా వినబడింది.

"నాయనా, నేను. అన్నం తిన్నావా?"

అవతల నుంచి ఏం జవాబొచ్చిందో ఎవరికీ వినబడలేదు. పిల్ల వింటూ నిలబడింది, పెద్దాయన చేతిలోని ముద్ద క్యారియర్లో పెట్టేసి కూర్చున్నాడు.